మనం, మేము, నేను

ఎండీ గారు నాకు పంపిన డ్రాఫ్టులో మొదటి వాక్యం ఇది: "మనం ఒక కఠినమైన నిర్ణయం తీసుకున్నాం." ఆ "మనం" దగ్గరే మా ఇద్దరికీ గంటసేపు వాదన జరిగింది. మిగతా రెండు పేజీలకి కూడా అంత టైమ్ పట్టలేదు.

నేను హైదరాబాద్‌లో కంపెనీలకి ఉపన్యాసాలు, ఉత్తరాలు రాసిపెడుతుంటాను. అంతకుముందు ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. వార్షికోత్సవాలకి, కొత్త ఆఫీసు ప్రారంభాలకి రాయడం చాలా సులువు. ఏం రాసినా చప్పట్లు కొడతారు, తర్వాత భోజనాలు ఉంటాయి. రెండేళ్ల కిందటి ఫిబ్రవరిలో మాదాపూర్‌లోని ఒక మధ్యస్థాయి కంపెనీ వాళ్లు మాత్రం టౌన్‌హాల్‌కి రాసిపెట్టమని పిలిచారు. ఉద్యోగులందరినీ ఒకచోట కూర్చోబెట్టి పెద్దాయనే నేరుగా మాట్లాడే మీటింగ్ అన్నమాట. విషయం ఏమిటంటే రీస్ట్రక్చరింగ్ అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో మాదాపూర్ హాస్టళ్లలో వంట చేసేవాళ్లకి కూడా తెలుసు.

కంపెనీలో 312 మంది. వాళ్లకి రెండు వ్యాపారాలు. ఒకటి, ఇక్కడి ఆసుపత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మడం. రెండోది, అమెరికా ఆసుపత్రుల తరఫున బీమా క్లెయిములు తయారుచేసి పంపడం. ఈ రెండోదాన్ని మూసేస్తున్నారు. అందులో 58 మంది పనిచేస్తున్నారు. 17 మందిని సాఫ్ట్‌వేర్ వైపు తీసుకుంటారు. మిగిలిన 41 మందికి పని లేదు. (ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కొన్ని మార్చాను. లెక్క తీరు మాత్రం అదే.)

ఇక ఆ "మనం" సంగతి. మన భాషలో ఇంగ్లీషుకి లేని ఒక ఇబ్బంది ఉంది. "మనం సినిమాకి వెళ్తున్నాం" అంటే వింటున్నవాడు కూడా వస్తున్నాడు. "మేము వెళ్తున్నాం" అంటే వాడు రావడం లేదు. మూడేళ్ల పిల్లకి కూడా ఈ తేడా తెలుసు, అందుకే "మేము" అనగానే ఏడుపు మొదలుపెడుతుంది. ఇంగ్లీషు "వుయ్"లో ఈ తేడా కనబడదు. అందుకే ఇంగ్లీషులో ఆలోచించి రాసిన ఉపన్యాసాలు ఆ ఒక్క మాట వెనక హాయిగా దాక్కుంటాయి. నిర్ణయం తీసుకున్నవాళ్లు, దానికి బలైనవాళ్లు అందరూ ఒకే గంపలో పడిపోతారు. ఈ కంపెనీలో నూటికి తొంభై మంది తెలుగువాళ్లే కాబట్టి తెలుగులోనే మాట్లాడతానని ఎండీ గారు అన్నారు. మంచి ఆలోచనే. కానీ క్లెయిముల విభాగంలో ఏడేళ్లుగా కూర్చున్న అమ్మాయి "మనం నిర్ణయం తీసుకున్నాం" అన్న మాట వింటే మొదట అనుకునేది ఒకటే: నేనెప్పుడు తీసుకున్నాను?

ఇదే ఆయనకి చెప్పాను. "సరే, అయితే 'మేము' అందాం. బోర్డు కూడా ఒప్పుకుంది కదా" అన్నారు. "మేము" అంటే గది రెండు ముక్కలవుతుంది, మైకు దగ్గరున్న వాళ్లు, కుర్చీల్లో ఉన్న వాళ్లు అని. అది అబద్ధమేమీ కాదు. కానీ "మేము" అంటే ఎవరు? బోర్డులో ఐదుగురు ఉన్నారు, ఆ రోజు ముగ్గురు ఫోనులో ఊఁ కొట్టారు. మూసేద్దామని ప్రతిపాదన తెచ్చింది ఎండీ గారే. అప్పుడు నిజం చెప్పే మాట ఒక్కటే మిగులుతుంది. దానికి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది, ఇంకోటి తెప్పించారు.

హెచ్చార్ వాళ్ల డ్రాఫ్టులో మూడో దారి ఉంది: "విభాగం మూసివేయబడుతుంది." ఇలా తెలుగులో ఎవరూ మాట్లాడరు. చెవికి తాలూకాఫీసు నోటీసులా ఉంటుంది. కానీ మాట్లాడే తెలుగులోనూ తప్పించుకునే దారి లేకపోలేదు. "విభాగం మూతపడుతోంది" అనొచ్చు, వర్షానికి దుకాణం దానంతటదే మూతపడినట్టు. కాబట్టి తెలుగులో చెబితే నిజాయితీ దానంతటదే వస్తుందని నేననను. "మూసేస్తున్నాను", "మూసేస్తున్నాం", "మూతపడుతోంది" అని మూడు దారులున్నాయి. ఆయన ఏ దారి పట్టారో వినేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటి ఉపన్యాసం చేతికొస్తే నేను ముందు విషయం చూడను. క్రియల చివర్లన్నీ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి, ఎవరు చేశారో చెప్పని వాక్యాలు ఎన్నున్నాయో లెక్కపెడతాను. ఆ డ్రాఫ్టులో పదకొండు దొరికాయి.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నిర్ణయానికి, తప్పుకి "నేను". మీకు అందేవాటికి, మీరు చేయాల్సినవాటికి "మీరు". "మనం" ఒక్క చోటే, గడిచిపోయిన కాలానికి: "మనం ఏడేళ్లు కలిసి చేసిన పని" అన్న దగ్గర. ఇకముందు జరగబోయేదానికి "మనం" అనకూడదు, ఎందుకంటే గదిలో ఆ 41 మంది ఇంకా కూర్చునే ఉంటారు. "మనం ముందుకు సాగుదాం" అంటే వాళ్లేం చేయాలి, లేచి వెళ్లిపోవాలా?

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. 2009లో నేను పనిచేసిన చోట కూడా ఇలాంటి సభ ఒకటి జరిగింది. పెద్దాయన పాతిక నిమిషాలు మాట్లాడారు. ప్రపంచ ఆర్థిక పరిస్థితి, అమెరికాలో బ్యాంకులు, సంస్థ విలువలు, సముద్రంలో ఓడ. మేం చప్పట్లు కొట్టి సీట్లకి వెళ్లాం. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ వస్తుంటే అప్పుడు అర్థమైంది ఆ ఓడ ఏమిటో. నా వంతు మూడో రోజున వచ్చింది. ఉద్యోగం పోయినందుకు వచ్చిన కోపం ఏడాదిలో పోయింది. ఆ పాతిక నిమిషాలు తలాడిస్తూ కూర్చున్నందుకు వచ్చిన సిగ్గు మాత్రం ఇంకా ఉంది.

అందుకని రెండో షరతు పెట్టాను: అసలు సంగతి మొదటి నిమిషంలోనే రావాలి. ఈ విషయంలో పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. 2014 జూలై 17న మైక్రోసాఫ్ట్‌లో నోకియా ఫోన్ల విభాగాన్ని చూసే స్టీఫెన్ ఎలోప్ ఉద్యోగులకి ఒక మెయిల్ పంపారు. "హలో దేర్" అని పలకరించి, ఫోన్ల వ్యూహం గురించి పేరా తర్వాత పేరా రాసుకుంటూ పోయి, ఎక్కడో కింద 12,500 ఉద్యోగాలు పోతాయని చెప్పారు. మెయిల్ అయితే కనీసం కళ్లతో కిందికి జారి అంకె వెతుక్కోవచ్చు. సభలో ఆ వీలు లేదు. మాట్లాడేవాడు ఎంత ఆలస్యం చేస్తే, వినేవాడు అంతసేపు "నా పేరుందా, లేదా" అన్న ఒక్క ఆలోచనతోనే కూర్చుంటాడు. మధ్యలో చెప్పిందేదీ చెవికెక్కదు. కారణాలు ముందు చెప్పి ఫలితం తర్వాత చెప్పడం మర్యాదని చాలామంది పెద్దలు అనుకుంటారు. చావు కబురు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఊళ్లో పంటల సంగతి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుందది.

మొదటి నిమిషానికి మేం రాసింది ఇది:

"అందరికీ నమస్కారం. ఈ రోజు చెప్పేది మంచి వార్త కాదు. అందుకని ముందే చెప్పేస్తాను. మార్చి 31తో క్లెయిముల విభాగాన్ని మూసేస్తున్నాను. అక్కడ 58 మంది ఉన్నారు. 17 మందికి కంపెనీలోనే వేరే పని ఇస్తున్నాను. 41 మందికి ఇవ్వలేకపోతున్నాను. ఆ 41 మంది ఉద్యోగం పోతోంది. ఈ నిర్ణయం నాది. ఆ విభాగంలో వాళ్లకి ఈ మాట అరగంట కిందట చెప్పి వచ్చాను. ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అన్నది మధ్యాహ్నం ఒంటిగంట లోపు ఒక్కొక్కరికీ విడిగా చెబుతాం. మిగతా విభాగాల్లో ఈ రోజు ఎవరి ఉద్యోగమూ పోవడం లేదు."

కాగితం మీద చదివితే ఇది మొద్దుగా ఉంటుంది. ఒక్క అలంకారం లేదు, వాక్యాలు ఒకదాన్నొకటి అంటుకోవు. కానీ ఇది చెవి కోసం రాసింది. ఒక వాక్యంలో ఒకే అంకె ఉంది. "58 మందిలో 17 మందిని సర్దుబాటు చేయగా మిగిలిన 41 మంది" అని ఒకే ఊపిరిలో చెబితే గదిలో సగంమంది 17 మంది పోతున్నారని వింటారు. శాతాలు అసలు వాడలేదు. ఫైనాన్స్ ఆయన "13 శాతం అందాం సార్, చిన్నగా వినిపిస్తుంది" అన్నాడు. చిన్నగా వినిపించడం ఎవరికి కావాలి? ఆ 41 మందిలో ఒకరికి అది నూటికి నూరు శాతం. "మిగతా విభాగాల్లో ఈ రోజు" అన్నచోట "ఈ రోజు" అన్న మాటని ఎవరో కొట్టేశారు, నేను మళ్లీ పెట్టాను. ఎందుకో తర్వాత చెబుతాను.

"ఉద్యోగం పోతోంది" తర్వాత కాగితం మీద బ్రాకెట్లో "మనసులో ఐదు లెక్కపెట్టండి" అని రాశాను. రిహార్సల్లో ఆయన రెండు దాకా లెక్కపెట్టి మళ్లీ అందుకునేవారు. మౌనంగా నిలబడటం కష్టం, మైకు ముందు మరీ కష్టం. కానీ ఆ మాట విన్నాక మనిషికి కాసేపు ఏదీ వినిపించదు. కాబట్టి ఆ తర్వాత చెప్పే ముఖ్యమైన సంగతి, అంటే ఎప్పుడు తెలుస్తుంది అన్నది, ఉపన్యాసం చివర ఇంకోసారి చెప్పించాను, అవే మాటలతో. రాతలో ఒకే మాట రెండుసార్లొస్తే ఎడిటర్ కొట్టేస్తాడు. సభలో రెండోసారి చెప్పకపోతే ఎవరికీ అందదు. తెలుగు రానివాళ్లు పాతికమంది దాకా ఉన్నారు కాబట్టి ఈ నిమిషాన్ని హిందీలో కూడా ఆయనే చెప్పారు. మన హైదరాబాద్ హిందీయే, వ్యాకరణం సంగతి అడగొద్దు.

అంతా ముందే చెప్పేస్తే చాలదు కూడా. 2021 డిసెంబరులో అమెరికాలో ఇళ్ల రుణాలిచ్చే బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గర్గ్ జూమ్ కాల్‌లో సుమారు 900 మందిని తీసేశారు. ఈ కాల్‌లో ఉన్నారంటే మీ ఉద్యోగం పోయినట్టే అని సూటిగా చెప్పారు. మొత్తం మూడు నిమిషాల పని. సూటిగానే ఉంది కదా అని దాన్నెవరూ మెచ్చుకోలేదు, తర్వాత ఆయనే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ వార్త ఎవరు ఎక్కడ కూర్చుని వినాలన్నది కూడా ఆలోచించాలి.

మా దగ్గర దీని మీద పెద్ద చర్చే జరిగింది. అందరికీ టౌన్‌హాల్లో ఒకేసారి చెప్పాలని హెచ్చార్ వాదన. ముందు కొందరికి చెబితే రెండో నిమిషంలో వాట్సాప్‌లో వచ్చేస్తుందని భయం. ఆ భయం నిజమే. కానీ మూడొందలమంది మధ్యలో కూర్చుని, పక్కవాళ్లు తనవైపు తిరిగి చూస్తుండగా తన ఉద్యోగం పోయిందని వినాల్సి రావడం కన్నా వాట్సాప్ నయం. హైదరాబాద్‌లో వయసు నలభై దాటిన ఐటీ వాళ్లకి 2009 జనవరి 7 గుర్తుండే ఉంటుంది. లెక్కల్లో మోసం జరిగిందని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బోర్డుకీ స్టాక్ ఎక్స్చేంజీలకీ వెళ్లింది. అక్కడ పనిచేస్తున్న వేలమంది టీవీలు చూసి తెలుసుకున్నారు. అది మోసం కేసు, మా సంగతి వేరు. కానీ తన బతుకు వార్త తనకన్నా ముందు ఊరికి తెలియడం ఎలా ఉంటుందో ఈ ఊరికి ఆ రోజు తెలిసింది.

చివరికి టైమ్‌లు ఇలా కుదిరాయి. పొద్దున 9.30కి క్లెయిముల విభాగం 58 మందికి వాళ్ల ఫ్లోర్‌లోనే ఎండీ గారు పది నిమిషాలు చెప్పారు. పది గంటలకి కెఫెటీరియాలో టౌన్‌హాల్. ఆ 58 మంది రావాలంటే రావచ్చు, రాకపోయినా ఎవరూ అడగరు. 10.30 నుంచి విడివిడి మీటింగులు. ఆరు గదులు, గదికి ఒక మేనేజరు, ఒక హెచ్చార్ మనిషి, మనిషికి పావుగంట. గదికి పదిమంది చొప్పున వేసుకుంటే రెండున్నర గంటలు, అంటే ఒంటిగంట. ఉపన్యాసంలో "ఒంటిగంట లోపు" అని ధైర్యంగా చెప్పగలిగింది ఈ లెక్క ముందే వేసుకున్నాం కాబట్టి. మైకు దగ్గర గొంతు వణక్కుండా ఉండటానికి ప్రాణాయామం చేయమని ఎవరో ఆయనకి సలహా ఇచ్చారట. నాకు తెలిసి, చెప్పిన ప్రతి మాట వెనక ఇలాంటి లెక్క ఉంటే గొంతు చాలావరకు అదే నిలబడుతుంది.

ఇంకో చిన్న సంగతి. రోగుల వివరాలుండే సిస్టమ్‌లకి ఆ 58 మంది యాక్సెస్ ఆ ఉదయమే ఆపారు. క్లయింటుతో ఒప్పందం అలా ఉంది. దాన్ని దాచకుండా ఉపన్యాసంలోనే చెప్పించాను: "పొద్దున మీ లాగిన్ పనిచేయకపోతే అది మీ మీద అనుమానం కాదు, ఒప్పందంలో షరతు. మీ మెయిల్ మాత్రం నెలాఖరు దాకా ఉంటుంది." ముందే చెబితే అది షరతులా వినిపిస్తుంది. వాళ్లే కనిపెడితే దొంగని చూసినట్టు చూశారని జీవితాంతం గుర్తుంటుంది.

డబ్బు దగ్గరికొస్తే, నేను చూసిన ఇలాంటి ఉపన్యాసాల్లో ఎక్కువ మోసం ఇక్కడే జరుగుతుంది. అబద్ధాలు చెప్పరు, కలిపి చెబుతారు. హెచ్చార్ డ్రాఫ్టులో "మీకు అండగా ఉండేందుకు కంపెనీ ఒక ఉదారమైన ప్యాకేజీ ఇస్తోంది" అని ఉంది. కింద జాబితా: నోటీసు నెల జీతం, సర్వీసుకి పరిహారం, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, దాని మీద రెండు నెలల జీతం. వీటిలో కంపెనీ తనంతట తాను ఇస్తున్నది ఆఖరిదొక్కటే. ఉద్యోగిని పని లేక తీసేసేటప్పుడు నెల నోటీసు గానీ దాని బదులు జీతం గానీ, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలని అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ 15 రోజుల లెక్క అలాగే ఉంది. గ్రాట్యుటీది అప్పట్లో ఇంకో చట్టం, 1972ది. ఐదేళ్లు నిండిన మనిషి రాజీనామా చేసి వెళ్లినా, పని లేక తీసేసినా ఇవ్వాల్సిందే. బేసిక్ 52,000 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకి 2,000. దాన్ని 15తో గుణిస్తే 30,000. ఎనిమిదేళ్ల సర్వీసుకి 2,40,000. ఇది ఆ మనిషి సంపాదించుకుని కంపెనీ దగ్గర దాచుకున్న డబ్బు. దాన్ని తిరిగిస్తూ ఉదారం అనడం ఏమిటి?

అందుకని రెండుగా విడగొట్టాం. "చట్టం ప్రకారం మీకు రావాల్సినదంతా వస్తుంది. అది నేనిచ్చేది కాదు, మీది. దాని పైన కంపెనీ రెండు నెలల పూర్తి జీతం ఇస్తుంది." ఆ 15 రోజుల పరిహారం చట్టం వర్కర్లకే వర్తిస్తుందా, టీమ్ లీడ్‌లకి వర్తిస్తుందా అన్న తగువు మన ఐటీలో ఎప్పటినుంచో ఉంది. ఎండీ గారు 41 మందికీ ఒకే లెక్క అన్నారు, లీడ్ అయినా సరే. ఆ వాక్యం లాయరుకి నచ్చలేదు గానీ ఉంచారు.

ఇంకో వాక్యం ఉంది. బయటివాళ్లకి అది మామూలుగా అనిపిస్తుంది. "ఎవరినీ రాజీనామా రాసివ్వమని అడగం. ఎవరైనా అడిగితే నాకు ఫోన్ చేయండి." ఈ ఊళ్లో పనిచేసినవాళ్లకి దీని విలువ తెలుసు. మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుంది, లేకపోతే మీకే ఇబ్బంది" అంటారు. భయపడి రాసిచ్చేస్తారు. రాసిచ్చాక అది తీసివేత కాదు, తనంతట తాను వెళ్లిపోవడం. ఆ 15 రోజుల పరిహారం అడగడానికి దారి ఉండదు. ఎండీ నోటితో, అందరిముందు, ఆ పని చేయం అని చెబితే కింది మేనేజర్ల చేతులు కట్టినట్టే. ఉపన్యాసంలో సగం ఉద్యోగుల కోసమైతే సగం మేనేజర్ల కోసమన్న సంగతి చాలామంది ఎండీలకి తట్టదు.

కారణం చెప్పే భాగం దగ్గర లాయరు గట్టిగా అడ్డుపడ్డాడు. జరిగింది ఇది. అంతకుముందు జూన్‌లోనే పెద్ద క్లయింటు పని తగ్గిస్తామని చెప్పాడు. మళ్లీ వస్తుందన్న ఆశతో ఎండీ గారు ఎనిమిది నెలలు ఆగారు. ఆగుతూనే ఇంకో తొమ్మిది మందిని తీసుకున్నారు. ఆ తొమ్మిది మందీ ఇప్పుడు 41 మందిలో ఉన్నారు. "మార్కెట్ పరిస్థితుల వల్ల" అని సరిపెట్టమన్నాడు లాయరు. "నా తప్పు" అంటే రేపు కోర్టులో వాడతారన్నాడు. నాకు చట్టం ఆయనంత తెలియదు. కానీ వ్యాపారం అంచనా తప్పడం ఒకటి, మనుషుల్ని చట్టవిరుద్ధంగా తీసేయడం ఇంకొకటి. మొదటిది ఒప్పుకుంటే రెండోది ఒప్పుకున్నట్టెలా అవుతుంది? అసలు ప్రమాదకరమైన మాట వేరే ఉంది, అది "పనితీరు". డ్రాఫ్టులో ఒకచోట "పనితీరు, నైపుణ్యం ఆధారంగా ఎంపిక" అని ఉంది. విభాగమే మూసేస్తుంటే పనితీరు ఎందుకొచ్చింది? ఆ ఒక్క మాటతో 41 మందీ చేతకానివాళ్లని ఎండీ బహిరంగంగా ప్రకటించినట్టవుతుంది. రేపు గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో అది వాళ్ల వెంట వస్తుంది. 17 మందిని ఎంచింది నిజానికి ఒకే లెక్క మీద. ఇదివరకు సాఫ్ట్‌వేర్ వైపు పనిచేసిన అనుభవం ఉందా లేదా, అంతే. అదే చెప్పించాం.

"జూన్‌లోనే నాకు తెలుసు. ఎనిమిది నెలలు ఆగాను. అప్పుడే చెప్పి ఉంటే మీకు వెతుక్కోవడానికి ఎనిమిది నెలలు ఉండేవి. ఆ టైమ్ నేను పోగొట్టాను." రిహార్సల్లో ఈ నాలుగు వాక్యాల దగ్గర ఆయన గొంతు పట్టేసింది. "ఏడిస్తే ఏమవుతుంది?" అని అడిగారు. ఏమీ కాదు, కానీ అప్పుడు గదిలో అందరూ మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు, ఆ రోజు ఆ పని వాళ్లది కాదు అన్నాను. కాస్త కఠినంగా అన్నానేమో. అందుకే "ఇది నా జీవితంలో అతి కష్టమైన రోజు" అన్న వాక్యాన్ని కూడా కొట్టేశాం. కష్టమైన రోజు ఎవరిదో అందరికీ తెలుసు.

ఇక ఆ "ఈ రోజు" అన్న మాట. "ఇదే ఆఖరు, ఇంకెవరినీ తీయను" అని చెప్పాలని ఆయనకి బలంగా ఉండింది. మిగిలిన 271 మందికి ధైర్యం రావాలి కదా అన్నారు. కానీ సాఫ్ట్‌వేర్ వైపు పెద్ద కస్టమరు కాంట్రాక్టు జూలైలో రెన్యూవల్‌కి వస్తుంది. అది పోతే? "పోదు" అన్నారు. జూన్‌లో క్లయింటు విషయంలో కూడా అలాగే అనుకున్నారు కదా అన్నాను. ఉపన్యాసంలో ప్రతి మాటకీ నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఆరునెలల తర్వాత ఇదే వాక్యాన్ని ఒక కోపంగా ఉన్న ఉద్యోగి చదివి వినిపిస్తే నిలబడుతుందా? "ఇదే ఆఖరు" ఆ పరీక్షలో నిలబడదు. అలాగని "ఏమో, చెప్పలేం" అంటే రేపట్నుంచి సగంమంది పని మానేసి రెజ్యూమెలు దిద్దుకుంటారు. తెలిసినదెంతో, తెలియనిదేమిటో, ఎప్పుడు తెలుస్తుందో విడదీసి చెప్పడమొక్కటే మిగిలింది:

"ఇదే ఆఖరా అని అడుగుతారు. మాట ఇవ్వలేను. ఇప్పుడు నా దగ్గర ఇంకెవరినీ తీసేసే ఆలోచన లేదు, లిస్టు లేదు. జూలైలో పెద్ద కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. అది పోతే నేను మళ్లీ ఇలా నిలబడాల్సి రావచ్చు. ఏం తేలినా ఆగస్టు మొదటి వారంలో ఇక్కడే చెబుతాను."

రిహార్సల్లో మొత్తం నాలుగున్నర నిమిషాలు పట్టింది. ఆ రోజు ఏడు నిమిషాలైంది. స్లైడ్లు లేవు. నేను కెఫెటీరియా వెనక కాఫీ మెషీన్ పక్కన నిలబడ్డాను. "ఉద్యోగం పోతోంది" తర్వాత ఆయన ఐదుకి బదులు పది దాకా లెక్కపెట్టినట్టున్నారు. ఫ్రిజ్ చప్పుడు కూడా వినబడింది.

ప్రశ్నల్లో మొదటిది క్లెయిముల విభాగం అమ్మాయిదే. 58 మందిలో ఇరవైమంది దాకా వచ్చారు, వెనక నిలబడ్డారు. "సార్, మా అమ్మకి ఏప్రిల్ రెండో వారంలో ఆపరేషన్. ఇన్సూరెన్స్ ఉంటుందా?" మేం ఇద్దరం రాసుకున్న ప్రశ్నలు పద్నాలుగు ఉన్నాయి, ఇది లేదు. కంపెనీ గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, అమ్మానాన్నలకి కూడా. డబ్బుల లెక్కలు అంత జాగ్రత్తగా వేసిన మాకు ఇది తట్టకపోవడం మా తప్పే. నాది కూడా. ఆయన ఒక్క క్షణం కాగితం చూసుకున్నారు, అందులో లేదని తెలిసీ. "నాకు తెలియదమ్మా. ఇది ముందే ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. సాయంత్రం ఐదు లోపు నేనే ఫోన్ చేస్తాను" అన్నారు. పెన్ను తీసి కాగితం అంచున ఏదో రాసుకున్నారు. నేను రాసిచ్చిన వాక్యాలన్నిటికన్నా ఆ రాసుకోవడాన్నే జనం ఎక్కువ చూశారనిపించింది.

4.40కి ఫోన్ చేశారట. ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడి, 41 మందినీ వాళ్ల కుటుంబాలతో సహా జూన్ ఆఖరు దాకా పాలసీలో ఉంచేలా, ప్రీమియం కంపెనీ కట్టేలా ఒప్పించుకున్నారు. మర్నాడు అందరికీ మెయిల్ వెళ్లింది. దాన్ని నేను రాయలేదు, బాగానే ఉంది.

హెచ్చార్ హెడ్ ఇప్పటికీ నాతో ఏకీభవించదు. "నేను, నేను" అని అన్నిసార్లు అంటే అహంకారంలా వినిపించిందని ఆవిడ అభిప్రాయం. ఆ తర్వాత వారంలో నలుగురు మంచి డెవలపర్లు రిజైన్ చేశారు. జూలై మాట చెప్పకపోయి ఉంటే ఉండేవారేమో అంటుంది. ఉండేవారేమో. జూలై దాకా.

ఆగస్టులో నన్ను పిలవలేదు. ఎండీ గారే రాసుకుని, కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. "ఆగస్టు మొదటి వారంలో చెబుతానని ఫిబ్రవరిలో అన్నాను" అని మొదలైంది. కాంట్రాక్టు నిలిచింది, రేటు తగ్గింది, ఎవరి ఉద్యోగమూ పోవడం లేదు. అంకెలన్నీ విడివిడి వాక్యాల్లో ఉన్నాయి. చదువుతూ సంతోషించాను. మూడో పేరాలో "మనం ఈ ఏడాది ఇంక్రిమెంట్లు వదులుకుంటున్నాం" అని ఉంది. ఆ "మనం" చుట్టూ ఎర్రగీత గీసి తిప్పి పంపాను.

"పొద్దున్నే చెప్పేశానండీ" అని జవాబొచ్చింది.